మూతపడ్డ కంపెనీ సొమ్ములో ముందు వంతు ఎవరిది?

జెట్ ఎయిర్‌వేస్ చివరి విమానం 2019 ఏప్రిల్ 17న ఎగిరింది. ఆ కంపెనీని ఇక నిలబెట్టలేం, ఆస్తులమ్మి బాకీలు తీర్చండని సుప్రీంకోర్టు చెప్పింది మాత్రం 2024 నవంబరు 7న. మధ్యలో ఐదున్నరేళ్లు. విమానాలు ఆగకముందు నుంచే జీతాలు అందని సిబ్బందికి ఆ ఐదున్నరేళ్లు ఎదురుచూపులతో పోలేదు. వాళ్ల జీతం బాకీ వరసలో ఎక్కడ నిలబడాలో తేల్చింది కూడా ఆ కాలమే. ఎలాగో తెలియాలంటే ముందు ఆ వరస తెలియాలి.

మనవైపు అప్పులపాలై చేతులెత్తేసిన వ్యాపారిని ఐపీ పెట్టాడంటాం. కంపెనీ దివాలా అలా ఉండదు. చట్టం దృష్టిలో కంపెనీ వేరే మనిషి. దాని అప్పుకు దాని ఆస్తే జవాబుదారీ. యజమాని వ్యక్తిగతంగా హామీ సంతకం పెట్టి ఉంటే తప్ప, మోసం రుజువైతే తప్ప, ఆయన ఇల్లూ పొలమూ ఈ లెక్కలోకి రావు. కాబట్టి పంచుకోవాల్సింది కంపెనీ పేరున మిగిలిన భూమి, యంత్రాలు, సరుకు, రావలసిన బాకీలు. అంతే.

2016 నాటి దివాలా చట్టం ప్రకారం ఒక కంపెనీ కనీసం కోటి రూపాయల బాకీ ఎగ్గొడితే, అప్పిచ్చినవాళ్లో సరుకిచ్చినవాళ్లో జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. తెలంగాణ కంపెనీలకు హైదరాబాద్ బెంచి, ఆంధ్రప్రదేశ్ కంపెనీలకు అమరావతి బెంచి. ట్రైబ్యునల్ వెంటనే తాళం వెయ్యదు. కంపెనీని నడిపించే కొత్త యజమాని దొరుకుతాడేమో చూడమని అప్పులిచ్చినవాళ్ల కమిటీకి సమయమిస్తుంది. కాగితం మీద ఆ గడువు 180 రోజులు, పొడిగించినా 330. ఆచరణలో కోర్టు కేసులతో ఏళ్లు గడుస్తాయి. ఎవరూ దొరక్కపోతే, దొరికినవాడు మాట నిలబెట్టుకోకపోతే లిక్విడేషన్ ఆర్డరు వస్తుంది. లిక్విడేటర్ అనే అధికారి ఆస్తులన్నీ స్వాధీనం చేసుకుని వేలం వేస్తాడు. వ్యాపారాన్ని నడుస్తున్నదిగా అమ్మే ప్రయత్నంలో ఉంటే తప్ప, ఆ ఆర్డరే సిబ్బంది అందరికీ ఉద్యోగం పోయిందన్న నోటీసు కిందికి వస్తుంది. ఆర్డరు వెలువడిన ఆ తేదీని పాఠకులు గుర్తుంచుకోవాలి. తర్వాత దానితో పని ఉంది.

వేలంలో వచ్చిన సొమ్మును ఎవరికి ఎలా ఇవ్వాలో చట్టంలోని 53వ సెక్షన్ చెబుతుంది. కాలువ చివరి పొలానికి నీరందినట్టే ఇక్కడా పంపకం: పైవాడి మడి తడిసి నిండితేనే కిందివాడికి చుక్క దిగుతుంది. అన్నిటికంటే ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు. లిక్విడేటర్ ఫీజు, కాపలా, వేలం, కేసుల ఖర్చు ఇందులోవే. తర్వాతి మెట్టు మీద ఇద్దరు సమానంగా నిలబడతారు. ఒకరు, తనఖా పెట్టుకుని అప్పిచ్చి, ఆ తనఖాను లిక్విడేటర్‌కే వదిలేసిన బ్యాంకులు. రెండోవారు కార్మికులు, అయితే లిక్విడేషన్ మొదలైన తేదీకి ముందు 24 నెలల బాకీకే. వాళ్ల కింద మేనేజర్లు, అధికారులు వంటి ‘కార్మికులు కాని’ ఉద్యోగులు, 12 నెలల బాకీకి. ఆ కింద తనఖా లేకుండా అప్పిచ్చినవాళ్లు. ఆ తర్వాత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల రెండేళ్ల బకాయిలు. దాని కింద సరుకు సరఫరా చేసినవాళ్లు, ఇంకా మిగిలిన బాకీలన్నీ. అట్టడుగున వాటాదారులు, వాళ్లలోనూ ప్రిఫరెన్స్ వాటాలవాళ్లు ముందు, మామూలు వాటాలవాళ్లు చివర.

అంకెల్లో చూస్తే ఇది ఎలా పనిచేస్తుందో బోధపడుతుంది. గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లు ఉందనుకుందాం. ఇది ఊహించిన మిల్లే. బ్యాంకుకు తనఖా అప్పు 100 కోట్లు. కార్మికులకు ఆ 24 నెలల లెక్కలో 12 కోట్లు. ఆఫీసు ఉద్యోగులకు 3 కోట్లు, తనఖా లేని అప్పు 10 కోట్లు, ప్రభుత్వానికి 8 కోట్లు, పత్తి వ్యాపారులకు 15 కోట్లు. మొత్తం బాకీ 148 కోట్లు. మిల్లునంతా అమ్మితే 60 కోట్లు వచ్చాయి. ఖర్చులకు 4 కోట్లు పోగా 56 మిగిలాయి.

బ్యాంకూ కార్మికులూ కలిసి అడుగుతున్నది 112 కోట్లు. ఉన్నది సరిగ్గా సగం. అందుకని ఇద్దరికీ రూపాయికి అర్ధరూపాయి. బ్యాంకుకు 50 కోట్లు, కార్మికులకు 6 కోట్లు. అక్కడితో సొమ్ము అయిపోయింది. ఉద్యోగులకు, ప్రభుత్వానికి, పత్తి వ్యాపారులకు పైసా లేదు. రెండు వర్గాలూ సమానమంటే 56 కోట్లను చెరిసగం పంచడం కాదని గమనించాలి. బాకీ ఎంతుందో ఆ నిష్పత్తిలోనే వంతు. బ్యాంకు అప్పు పెరిగేకొద్దీ అదే సొమ్ములో కార్మికుడి వాటా సన్నబడుతుంది. మూతపడే ముందు మిల్లు మరో 50 కోట్ల తనఖా అప్పు తెచ్చి నష్టాల్లో కరిగించి ఉంటే, కార్మికుడికి రూపాయికి అర్ధరూపాయి బదులు 35 పైసల లోపే వచ్చేది.

మిల్లు స్థలం ధర బాగా పలికి 140 కోట్లు వచ్చాయనుకుందాం. ఖర్చులు పోను 136. బ్యాంకుకూ కార్మికులకూ 112 కోట్లు పూర్తిగా ఇచ్చేస్తే 24 మిగులుతాయి. ఉద్యోగుల 3 కోట్లు, తనఖా లేని అప్పు 10 కోట్లు, ప్రభుత్వానికి 8 కోట్లు పూర్తిగా తీరి చివరికి 3 కోట్లు ఉంటాయి. 15 కోట్లు రావలసిన పత్తి వ్యాపారులకు రూపాయికి 20 పైసలు. ఆస్తి విలువ రెండింతలు దాటినా వాటాదారుడి వంతు సున్నా. మునిగిన కంపెనీ షేరు రెండు మూడు రూపాయలకు దొరుకుతోందని ఎగబడి కొనేవాళ్లను చూస్తుంటాం. వాళ్లు కొంటున్నది ఈ వరసలో ఆఖరి చోటును. పై మెట్లన్నీ నిండితే తప్ప దానికి విలువ లేదు, అవి నిండేంత ఆస్తి ఉన్న కంపెనీ సాధారణంగా ఇంతదాకా రాదు.

బ్యాంకుకు ఇంకో దారి కూడా ఉంది. తనఖాను లిక్విడేటర్‌కు వదలకుండా, వరసకు బయట నిలబడి తానే అమ్ముకోవచ్చు. అలా చేస్తే కార్మికుల వాటా ఎగిరిపోతుందా? పోదు. తనఖాను వదిలేసి ఉంటే ప్రక్రియ ఖర్చులకూ కార్మికులకూ ఆ సొమ్ములోంచి ఎంత వెళ్లేదో, అంతా బ్యాంకు తీసి ఇవ్వాల్సిందే. మన మిల్లులో బ్యాంకు తన తనఖాలోని స్థలాన్ని 40 కోట్లకు అమ్ముకుంటే, 112లో 12 వంతుల చొప్పున సుమారు 4 కోట్ల 28 లక్షలు కార్మికులవే. పైగా అమ్మకంతో తీరని మిగతా అప్పుకు బ్యాంకు ప్రభుత్వం నిలబడే మెట్టు మీదికి, అంటే తనఖా లేని అప్పులవాళ్లకంటే కిందికి, జారిపోతుంది. తనఖా విలువ అప్పుకు మించి ఉన్నప్పుడే ఈ దారి లాభం. లేనప్పుడు వదిలేసి వరసలో నిలబడటమే నయం. తనఖా అనే మాటకూ ఒక షరతుంది. కాగితాలు రాసుకుంటే సరిపోదు, దాన్ని కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి. నమోదు కాని తనఖా లిక్విడేటర్ ముందు చెల్లదు. అలాంటి రుణదాత తనఖా లేనివాళ్లతో కలిసి నిలబడాల్సిందే.

కార్మికులకు ఈ సమాన హోదా మొదటినుంచీ లేదు. తనఖా ఉన్న బ్యాంకు తన ఆస్తి తాను పట్టుకుపోతే, మిగిలిందాంట్లో కార్మికులు వెతుక్కునేవాళ్లు. 1985లో కంపెనీల చట్టాన్ని సవరించి 529ఎ సెక్షన్ చేర్చాక బ్యాంకు పక్కన వాళ్లకు చోటు దొరికింది. ఆ సెక్షన్‌లో 24 నెలల గీత లేదు. ఆ గీత 2016 చట్టంతో వచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో జనానికి అర్థంకాక దెబ్బతినేది ఇక్కడే అని నా అభిప్రాయం.

మన మిల్లులో 2022 జనవరి నుంచి జూన్ దాకా కార్మికులు జీతం లేకుండా పనిచేశారనుకోండి. జులైలో మిల్లు మూతపడింది. బ్యాంకు ట్రైబ్యునల్‌కు వెళ్లడం, కొత్త యజమాని కోసం వెతకడం, వాయిదాలు, అన్నీ అయి 2024 అక్టోబరులో లిక్విడేషన్ ఆర్డరు వచ్చింది. 24 నెలలు లెక్కపెట్టేది జీతం ఆగిన రోజు నుంచి కాదు, ఆర్డరు వచ్చిన రోజు నుంచి వెనక్కి. అంటే 2022 అక్టోబరు దాకానే. చెమటోడ్చి పనిచేసిన ఆ ఆరు నెలలూ గీతకు అవతల పడ్డాయి. ఆ బాకీ రద్దు కాదు, పత్తి వ్యాపారులు నిలబడ్డ మెట్టు మీదికి దిగిపోతుంది. అక్కడికి ఏమాత్రం సొమ్ము చేరుతుందో పై లెక్కలో చూశాం. గీత లోపల ఉన్నది మిల్లు మూతపడి ఉన్న కాలం. ఆ కాలానికి జీతం బాకీ ఉందని కాగితాలతో రుజువు చేసుకోగలిగితేనే బ్యాంకు పక్కన చోటు.

కొత్త యజమాని కోసం వెతుకుతున్న కాలంలో జీతం సంగతి ఏమిటన్న ప్రశ్న గుజరాత్‌కు చెందిన ఏబీజీ షిప్‌యార్డు కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆ కాలపు జీతాలను ప్రక్రియ ఖర్చుగా లెక్కకట్టి అందరికంటే ముందు ఇవ్వాలని వాళ్లు అడిగారు. 2022 ఏప్రిల్‌లో కోర్టు తేల్చిందేమిటంటే, ఆ సమయంలో సంస్థ నిజంగా నడిచి, అందులో నిజంగా పనిచేసినవాళ్ల జీతమే ప్రక్రియ ఖర్చు అవుతుంది. రిజిస్టర్లో పేరుండి పని లేనివాళ్ల బాకీ 53వ సెక్షన్ వరసలోకే వెళుతుంది. కాబట్టి తాత్కాలికంగా కంపెనీ నడుపుతున్న అధికారి కింద కొద్దిమంది పనిచేస్తూ ఉంటే, వాళ్లు హాజరు కాగితాలు, పని ఆర్డర్లు భద్రపరచుకోవాలి. రేపు ఆ కాగితమే వాళ్లను రెండో మెట్టు నుంచి మొదటి మెట్టుకు ఎక్కిస్తుంది.

ఇప్పుడు జెట్ ఎయిర్‌వేస్ తేదీలు మళ్లీ చూడండి. 2024 నవంబరు నుంచి వెనక్కి 24 నెలలు లెక్కపెడితే 2022 నవంబరు దగ్గర ఆగుతాం. విమానాలు ఎగిరిన ఆఖరి నెలల జీతాలు 2019 నాటివి. కొత్త యజమాని వస్తాడు, కంపెనీ మళ్లీ ఎగురుతుందని ఎదురుచూసిన ఐదున్నరేళ్లలో ఆ బాకీ గీతకు చాలా దూరం వెళ్లిపోయింది. ఆలస్యం బ్యాంకులనూ కొరుకుతుంది, ఆస్తి విలువ తగ్గుతుంది కాబట్టి. కానీ బ్యాంకు ఆలస్యం వల్ల వరసలో చోటు పోగొట్టుకోదు. కార్మికుడు పోగొట్టుకుంటాడు. ఇది చట్టంలో ఉన్న లోపమనే నేను అంటాను. ఆ 24 నెలల్ని దివాలా కేసు ట్రైబ్యునల్‌లో నమోదైన తేదీ నుంచి వెనక్కి లెక్కపెడితే ఈ అన్యాయంలో చాలా భాగం పోతుంది.

ఈ వరసకే చేరని సొమ్ము ఒకటుంది. ప్రావిడెంట్ ఫండ్, పింఛను నిధి, గ్రాట్యుటీ నిధి నుంచి సిబ్బందికి రావలసింది కంపెనీ ఆస్తి కాదని చట్టంలోని 36వ సెక్షన్ చెబుతోంది. లిక్విడేటర్ దాన్ని అమ్మకూడదు, పంచకూడదు, బ్యాంకు దాని మీద చెయ్యి వెయ్యకూడదు. మోజర్ బేయర్ కార్మిక సంఘం కేసులో, తమ బాకీలను ఈ వరసలోకి తోయడం రాజ్యాంగ విరుద్ధమన్న వాదనను 2023 మేలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పార్లమెంటు అందరి ప్రయోజనాలూ తూచి ఈ వరస పెట్టిందని, పీఎఫ్, పింఛను, గ్రాట్యుటీ నిధులు ఎలాగూ బయటే ఉన్నాయని చెప్పింది.

అయితే ‘నిధి’ దగ్గర ఒక చిక్కుంది. హైదరాబాద్ కంపెనీ ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ ఉదాహరణ చూడండి. దివాలా చట్టం కిందికి ముందుగా పంపాలని 2017లో రిజర్వు బ్యాంకు ఎంపిక చేసిన 12 భారీ మొండి బాకీ ఖాతాల్లో అదొకటి. 2018 ఆగస్టులో హైదరాబాద్ బెంచి లిక్విడేషన్‌కు ఆదేశించింది. తమ గ్రాట్యుటీ ఇప్పించమని ఉద్యోగులు వెళ్లారు. కంపెనీ గ్రాట్యుటీ కోసం విడిగా నిధి ఏర్పాటు చేసి ఉంటే అది వాళ్లదే. అసలు నిధే పెట్టకపోతే, లేని నిధి నుంచి ఇమ్మని లిక్విడేటర్‌ను బలవంతపెట్టలేమని 2020 ఫిబ్రవరిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ తీర్పు చెప్పింది. కొత్త యజమాని దొరికిన కేసుల్లో న్యాయస్థానాలు ఇంకాస్త ఉదారంగా ఉన్నాయి. జెట్ విషయంలో పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా కట్టాల్సిందేనని 2022 అక్టోబరులో అప్పిలేట్ ట్రైబ్యునల్ కొత్త యజమానులకు చెప్పింది, దాన్ని సుప్రీంకోర్టు 2023 జనవరిలో కదపలేదు. కానీ ఆ కొత్త యజమానులు కంపెనీని చేపట్టనేలేదు. చివరికి వ్యవహారం లిక్విడేషన్‌కే వచ్చింది.

ప్రభుత్వం సంగతి కొద్దిగా. పాత కంపెనీ చట్టంలో పన్నులకు ముందు వరసలో చోటుండేది. టి.కె. విశ్వనాథన్ అధ్యక్షతన ఏర్పాటైన సంస్కరణల కమిటీ 2015 నివేదిక తర్వాత, తనఖా లేని రుణదాతలకంటే కిందికి పన్నులను దించారు. తనఖా లేకుండా అప్పిచ్చేవాళ్లకు ధైర్యం కలగాలని ఉద్దేశం. అయితే 2022 సెప్టెంబరులో రెయిన్‌బో పేపర్స్ కేసులో సుప్రీంకోర్టు, గుజరాత్ వ్యాట్ చట్టం ఆస్తిపై మొదటి హక్కు ఇచ్చింది కాబట్టి ఆ రాష్ట్రం తనఖా ఉన్న రుణదాతతో సమానమని తీర్పిచ్చింది. బ్యాంకులు ఉలిక్కిపడ్డాయి. మరుసటి ఏడాది రామన్ ఇస్పాత్ కేసులో అదే కోర్టు, ఆ తీర్పు ఆ కేసు వరకేనని పరిధి కుదించింది. ఈ తగవు పూర్తిగా తెగిందని చెప్పలేం, ప్రతి రాష్ట్రం తన పన్ను చట్టాన్ని చూపించి పైమెట్టు అడుగుతూనే ఉంది.

సరఫరాదారులకు చెప్పవలసింది ఒక్కటే. చిన్న పరిశ్రమ అయినంత మాత్రాన 53వ సెక్షన్‌లో ప్రత్యేక చోటేమీ లేదు. అరువు పెరుగుతోంటే, అడ్వాన్సో బ్యాంకు గ్యారంటీయో అడగాల్సింది కంపెనీ నడుస్తున్నప్పుడే.

జీతం రెండు మూడు నెలలుగా ఆగిన సంస్థలో మీరో మీవాళ్లో ఉంటే చూడాల్సినవి కొన్ని. పీఎఫ్ పాస్‌బుక్కులో ప్రతి నెలా జమ పడుతోందా, పడకపోతే వెంటనే పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు చెయ్యండి. గ్రాట్యుటీకి నిధి గానీ బీమా పాలసీ గానీ ఉందేమో కంపెనీనో యూనియన్‌నో అడగండి. జీతం చీటీలు, నియామక పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్లు విడిగా దాచుకోండి, గేటుకు తాళం పడ్డాక అవి లోపలే ఉండిపోతాయి. దివాలా కేసు నమోదు కాగానే పత్రికల్లో ప్రకటన వస్తుంది, క్లెయిమ్ వెయ్యడానికి గడువు అందులోనే ఉంటుంది. అందులో మీ మొత్తం బాకీ, నెలలవారీగా, గ్రాట్యుటీతో సహా రాయండి, 24 నెలలు దాటిందని ఏదీ వదిలెయ్యకండి. అందరి తరఫున యూనియన్ ప్రతినిధి ఒక్కరే క్లెయిమ్ వెయ్యడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది.